కంపెనీ ధరకీ, యజమాని చేతికొచ్చే డబ్బుకీ మధ్య

ఎయిర్ ఇండియాను టాటా గ్రూపు దక్కించుకుందని 2021 అక్టోబరు 8న కేంద్రం ప్రకటించినప్పుడు రెండు అంకెలు వార్తల్లోకెక్కాయి. ఒకటి 18,000 కోట్ల రూపాయలు, రెండోది 2,700 కోట్లు. మొదటిదే పట్టుకున్నవాళ్లు ఖజానాకు 18 వేల కోట్లు జమవుతున్నాయనుకున్నారు. రెండోదే చూసినవాళ్లు ఇన్ని విమానాలున్న సంస్థను 2,700 కోట్లకే ఇచ్చేశారా అని బాధపడ్డారు. నిజానికి రెండు అంకెలూ సరైనవే. వాటి మధ్య ఉన్న తేడా అప్పు.

టాటా సన్స్ అనుబంధ సంస్థ టాలేస్ కోట్ చేసిన 18,000 కోట్లు ఎయిర్ ఇండియా ఎంటర్‌ప్రైజ్ విలువ. అంటే, ఎవరి డబ్బుతో నడుస్తోందన్నది పక్కనపెట్టి మొత్తం వ్యాపారానికి కట్టిన ధర. అందులో 15,300 కోట్లు సంస్థ నెత్తిమీదున్న అప్పు. దాన్ని కొన్నవాళ్లే మోస్తామన్నారు. మిగిలిన 2,700 కోట్లు అమ్మినవాళ్లకు, అంటే ప్రభుత్వానికి, నగదుగా ముట్టాయి. కోట్ చేసిన విలువలో కనీసం 15 శాతం నగదుగా ఇవ్వాలన్నది టెండరు షరతు. 18 వేల కోట్లలో 15 శాతం సరిగ్గా 2,700 కోట్లే.

ఈ అమ్మకంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది బిడ్ అడిగిన పద్ధతి మారడం. 2018లో ప్రభుత్వం 76 శాతం వాటా అమ్మకానికి పెడితే ఒక్కరూ ముందుకు రాలేదు. 2020 జనవరిలో మొత్తం వాటా ఇస్తామంది కానీ, 23,286 కోట్ల అప్పు కొన్నవాళ్లే తీసుకోవాలని ముందే గీత గీసింది. ఆ తర్వాత అదే ఏడాది అక్టోబరులో ఆ గీత చెరిపేసి, ‘మొత్తం వ్యాపారం ఎంత చేస్తుందో మీరే చెప్పండి, అందులో ఎంత అప్పు మోస్తారో కూడా మీరే చెప్పండి’ అంది. అప్పుడుగానీ బేరం కదల్లేదు. 2021 ఆగస్టు చివరికి సంస్థ మొత్తం అప్పు 61,562 కోట్లు. టాటాలు తీసుకున్నది పోను మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వ సంస్థ అయిన ఎయిర్ ఇండియా అసెట్స్ హోల్డింగ్ లిమిటెడ్‌కు బదిలీ అయ్యాయి. ఆ బదిలీ జరక్కుండా అప్పంతా కంపెనీలోనే ఉండిపోయి ఉంటే? 18,000 కోట్లలోంచి 61,562 కోట్లు తీసేస్తే 43,562 కోట్ల లోటు తేలుతుంది. ఆ స్థితిలో వాటాలు ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునేవాళ్లుండరు. వ్యాపారానికి 18 వేల కోట్ల విలువ ఉంది, దాని వాటాలకు మాత్రం పైసా విలువ లేదు. ఒకే సంస్థ గురించి ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కాగలవు.

వ్యాపారం విలువనుంచి వాటాల విలువకు దిగే ఈ మెట్టును పెట్టుబడుల రంగంలో ‘బ్రిడ్జ్’ అంటారు. ఎంటర్‌ప్రైజ్ విలువలోంచి అప్పు తీసెయ్యి, చేతిలో నగదు కలుపు, వచ్చింది ఈక్విటీ విలువ. చెప్పడానికి ఒక్క వాక్యం. కానీ కంపెనీలు చేతులు మారే చోట అసలు కుస్తీ అంతా ఈ వాక్యం మీదే జరుగుతుంది.

ఎయిర్ ఇండియా నష్టాల్లో ఉంది కాబట్టి దానికి లాభానికి ఇన్ని రెట్లు అని ధర కట్టడం కుదరదు. లాభాల్లో ఉన్న కంపెనీలకు మాత్రం సాధారణంగా అలాగే కడతారు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందున్న లాభాన్ని ఎబిటా అంటారు. అదే రంగంలో స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు తమ ఎబిటాకు ఎన్ని రెట్లు పలుకుతున్నాయో చూస్తారు. ఒక లిస్టెడ్ కంపెనీ షేర్లన్నిటి మార్కెట్ విలువ 700 కోట్లు, అప్పు 150 కోట్లు, నగదు 50 కోట్లు అనుకుందాం. 700కి అప్పు కలిపి నగదు తీసేస్తే 800 కోట్లు దాని ఎంటర్‌ప్రైజ్ విలువ. ఎబిటా 100 కోట్లయితే మల్టిపుల్ ఎనిమిది రెట్లు.

ఇక్కడ అప్పు ఎందుకు కలిపామంటే, ఎబిటా వడ్డీ కట్టకముందున్న లాభం. అందులో బ్యాంకుకూ, వాటాదారుకూ ఇద్దరికీ భాగం ఉంది. కాబట్టి దాని ఎదురుగా పెట్టే విలువలోనూ ఇద్దరి డబ్బూ ఉండాలి. నగదు ఎందుకు తీసేశామంటే, ఫిక్సెడ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఎబిటాలోకి రాదు, ఇతర ఆదాయం కింద విడిగా ఉంటుంది. ఈ ఎనిమిది రెట్లను పట్టుకెళ్లి మరో కంపెనీ ఎబిటాకు వేసినప్పుడు వచ్చేది కూడా అందరి డబ్బూ కలిసిన వ్యాపారం విలువే. వాటాదారుకు ఎంతో తెలియాలంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. అప్పు తీసెయ్యాలి, నగదు కలపాలి.

షేరు ధరను లాభంతో పోల్చే పీఈ నిష్పత్తి సంగతి వేరు. అందులో లాభం వడ్డీ కట్టేశాక మిగిలింది. దానికి రెట్లు వేస్తే నేరుగా వాటాల విలువే వస్తుంది. దాన్లోంచి మళ్లీ అప్పు తీసేస్తే ఒకే అప్పును రెండుసార్లు కోసినట్టు. మదుపరులు తయారుచేసుకునే లెక్కల్లో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక కంపెనీని దగ్గరగా చూద్దాం. ఇది ఊహించిన లెక్కే అయినా ఇందులోని ప్రతి మలుపూ మన దగ్గర వ్యాపారాల్లో నిత్యం జరిగేదే. గుంటూరులో ఒక కుటుంబం మిర్చి కొని, కారం పట్టి, ప్యాకెట్లలోనూ ఎగుమతులకూ అమ్ముతోంది. ఎబిటా ఏడాదికి 24 కోట్లు. కొనడానికి వచ్చినవాళ్లు ఎనిమిది రెట్లు ఇస్తామన్నారు. అంటే 192 కోట్లు. ఇంట్లో ఆ రాత్రి అందరి నోటా 192 కోట్ల మాటే నడుస్తుంది. ఒప్పంద పత్రం ముసాయిదాలో మాత్రం ‘క్యాష్ ఫ్రీ, డెట్ ఫ్రీ’ అన్న రెండు మాటలుంటాయి. కంపెనీలో నగదూ లేదు, అప్పూ లేదు అనుకుంటే ఇచ్చే ధర ఇది, ఉన్నదాన్ని బట్టి కూడికలూ తీసివేతలూ తర్వాత ఉంటాయి అని వాటి భావం.

మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటులో టర్మ్ లోను 30 కోట్లు, సీసీ ఖాతాలో వాడుకున్నది 46 కోట్లు, బ్యాంకులో నగదూ డిపాజిట్లూ కలిపి 12 కోట్లు. 192లోంచి 76 తీసి 12 కలిపితే 128 కోట్లు. కంపెనీకి 40 లక్షల షేర్లుంటే షేరుకు 320 రూపాయలు. అప్పు వల్ల ఇక్కడ మరో సంగతి జరుగుతుంది. కొనేవాళ్లు ఎనిమిది రెట్ల నుంచి ఏడుకు దిగితే వ్యాపారం విలువ 168 కోట్లవుతుంది, అంటే ఎనిమిదో వంతు తగ్గింది. కానీ అప్పు రూపాయి కూడా తగ్గదు కాబట్టి కుటుంబం వాటా 128 నుంచి 104 కోట్లకు పడిపోతుంది. దాదాపు 19 శాతం కోత. అప్పు ఎక్కువున్న కొద్దీ మల్టిపుల్‌లో చిన్న తేడా కూడా షేరు ధరను పెద్దగా ఊపేస్తుంది.

అసలు చిక్కు తేదీతో వస్తుంది. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి జోరుగా వచ్చేది ఏడాది మొదటి నెలల్లో. ఏడాదికి సరిపడా సరుకు కంపెనీ అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుంటుంది. రైతులకు, కమీషన్ ఏజెంట్లకు డబ్బు చెల్లించాలి కాబట్టి సీసీ ఖాతా మార్చి నాటికి నిండుకుండలా ఉంటుంది. తర్వాత టిక్కీలు ఒక్కొక్కటే బయటికొచ్చి, కారంగా మారి, అమ్ముడై, డబ్బు బ్యాంకుకు తిరిగి చేరుతుంది. డిసెంబరు 31 నాటికి సీసీ బాకీ 10 కోట్లకు దిగుతుంది. అదే ఎబిటా, అదే ఎనిమిది రెట్లు, టర్మ్ లోనూ నగదూ మారలేదనుకుందాం. ఇప్పుడు 192లోంచి 40 తీసి 12 కలిపితే 164 కోట్లు. మార్చిలో అమ్మితే 128, డిసెంబరులో అమ్మితే 164! అదే మిల్లు, అదే బ్రాండు, అదే లాభం. తొమ్మిది నెలల్లో 36 కోట్ల విలువ ఎక్కడినుంచి ఊడిపడింది?

ఎక్కడినుంచీ రాలేదు. మార్చిలో అప్పు ఎక్కువున్నప్పుడు కోల్డ్ స్టోరేజీలో సరుకూ ఎక్కువుంది. డిసెంబరులో అప్పు తగ్గినప్పుడు సరుకూ తగ్గింది. బ్రిడ్జ్ అప్పును మాత్రం చూసి సరుకును చూడలేదు. డిసెంబరులో కొన్నవాళ్లు తక్కువ అప్పున్న కంపెనీ దొరికిందని సంతోషిస్తే, రెండు నెలల్లో కొత్త పంట రాగానే కోట్లు పోసి సరుకు కొనాల్సిన పని వాళ్ల మీదే పడుతుంది.

దీన్ని సరిచేయడానికి వర్కింగ్ క్యాపిటల్‌కు ఒక మామూలు స్థాయిని ఒప్పందంలో రాసుకుంటారు. సరుకు, రావాల్సిన బాకీలు కలిపి, వాటిలోంచి సరఫరాదారులకు చెల్లించాల్సింది తీసేస్తే వచ్చేదే వర్కింగ్ క్యాపిటల్. పన్నెండు నెలల సగటు మన కంపెనీకి 45 కోట్లనుకుందాం. మార్చి 31న అది 66 కోట్లు, అంటే సగటు కంటే 21 ఎక్కువ. ఆ 21 అమ్మేవాళ్లకు కలుపుతారు. 128కి 21 కలిపితే 149. డిసెంబరు 31న అది 30 కోట్లు, సగటు కంటే 15 తక్కువ. ఆ 15 తగ్గిస్తారు. 164లోంచి 15 తీసేస్తే మళ్లీ 149. ఏ తేదీన కొలిచినా ఒకే జవాబు వచ్చిందంటే కొలత సరైందన్నమాట. అప్పూ నగదూ లెక్కేసి వర్కింగ్ క్యాపిటల్‌ను మరిచిపోయిన బ్రిడ్జ్‌ను నేను నమ్మను, ముఖ్యంగా పంటల మీద ఆధారపడిన వ్యాపారాల్లో. పత్తి జిన్నింగు, విత్తనాలు, బియ్యం మిల్లులు, చెరకు, ఏది తీసుకున్నా ఇదే కథ.

ఆ పన్నెండు నెలల సగటు ఎలా తెలుస్తుందని సందేహం రావచ్చు. ఆడిట్ అయిన లెక్కలు ఏడాదికి ఒక్కరోజు ఫొటో లాంటివి. కానీ సీసీ లిమిట్ వాడుకునే కంపెనీ నెలనెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తుంది. సరుకు ఎంతుంది, ఎవరినుంచి ఎంత రావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నీ అందులో ఉంటాయి. దాన్నిబట్టే ఎంత డబ్బు తీసుకోవచ్చో బ్యాంకు నిర్ణయిస్తుంది. కొనేవాళ్ల తరఫు అకౌంటెంట్లు ముందుగా అడిగే కాగితాల్లో ఇవి ఉంటాయి. కంపెనీ పుస్తకాల్లో ఒక అంకె, బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంటులో మరో అంకె కనిపిస్తే, బేరం ఆ అంకె దగ్గరే ఆగుతుంది.

తర్వాతి పేచీ ఏది అప్పు, ఏది నగదు అన్నదాని మీద. బ్యాలెన్స్ షీటులో ‘రుణాలు’ అన్న శీర్షిక కింద ఉన్నదే అప్పు అనుకుంటే పొరపాటు. మన కంపెనీకి కుటుంబ పెద్ద తన సొంత డబ్బు 6 కోట్లు ఎప్పుడో అప్పుగా ఇచ్చారు. దానికి వడ్డీ లేదు, గడువు లేదు, ఇతర బాధ్యతల కింద ఓ మూలన ఉంది. కంపెనీ చేతులు మారిన మర్నాడు ఆయన దాన్ని వెనక్కి అడుగుతారు కాబట్టి అది అప్పే. కొత్త కోల్డ్ స్టోరేజీకి యంత్రాలు సరఫరా చేసినవాళ్లకు 3 కోట్లు ఇవ్వాల్సి ఉంది. మిర్చి బాకీలతోపాటు ఇదీ చెల్లించాల్సిన జాబితాలోనే కనిపిస్తుంది గానీ రోజువారీ వ్యాపారానికి సంబంధించింది కాదు. అందుకే పైన 66 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ లెక్కలో దీన్ని చేర్చలేదు, అప్పు వైపు పెట్టాలి. సిబ్బంది ఇప్పటికే సంపాదించుకున్న గ్రాట్యుటీకి విడిగా నిధి లేదు, అది మరో 2 కోట్లు. నగదు 12 కోట్లలో 4 కోట్లు లెటర్ ఆఫ్ క్రెడిట్ కోసం బ్యాంకు దగ్గర మార్జిన్‌గా బిగిసి ఉన్న డిపాజిట్. దాన్ని చేతిలో ఉన్న డబ్బుగా కొనేవాళ్లు ఒప్పుకోరు. ఈ నాలుగూ కలిపి 15 కోట్లు. 149 కాస్తా 134 అయింది.

అమ్మేవాళ్ల వైపు న్యాయం కూడా ఉంటుంది. టర్మ్ లోనులో 8 కోట్లు, యంత్రాల బాకీ 3 కోట్లు, మొత్తం 11 కోట్లు ఇంకా తలుపులు తెరవని కోల్డ్ స్టోరేజీ కోసమే. దానివల్ల ఈ ఏడాది ఎబిటాలోకి ఒక్క రూపాయి కూడా రాలేదు. ఎనిమిది రెట్లలో దాని విలువ లేదు, కానీ దాని కోసం చేసిన అప్పు మాత్రం పూర్తిగా కోత పడింది. ఇది అన్యాయమే. కొత్త కొట్టం నుంచి రాబోయే లాభాన్ని కొంత ఎబిటాలో చేర్చాలి, లేదంటే పెట్టిన ఖర్చును విడిగా కలపాలి. రెండోదానికి ఒప్పుకున్నారనుకుంటే 134కు 11 కలిసి 145 కోట్లవుతుంది. షేరుకు 362 రూపాయల 50 పైసలు. వ్యాపారంతో సంబంధం లేని ఖాళీ స్థలం కంపెనీ పేరుమీద ఉంటే దాన్నీ ఇలాగే విడిగా కలపాలి, లేదా అమ్మకానికి ముందే బయటికి తీసేయాలి. ఎయిర్ ఇండియాలో ప్రభుత్వం చేసింది రెండోది. వ్యాపారానికి అవసరం లేని స్థలాలూ భవనాలూ టాటాలకు వెళ్లలేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి.

స్టాక్ మార్కెట్లో షేర్లు కొనే పాఠకులకు మరో రెండు గతుకులు ఎదురవుతాయి. ఒకటి అద్దెలు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం లిస్టెడ్ కంపెనీలు చాలావరకు దుకాణాల, ఆసుపత్రి భవనాల అద్దెను ఖర్చుగా చూపవు. అది తరుగుదల, వడ్డీ రూపంలోకి మారిపోతుంది. దాంతో ఎబిటా ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తుంది. మరోవైపు భవిష్యత్తులో కట్టాల్సిన అద్దె అంతా లీజు బాధ్యతగా పుస్తకాల్లోకి వస్తుంది. పెరిగిన ఎబిటాకు రెట్లు వేసినవాళ్లు లీజు బాధ్యతను అప్పుగా తీసెయ్యాలి. అద్దెను ఖర్చుగానే ఉంచిన ఎబిటా వాడినవాళ్లు దాన్ని తీయకూడదు. లిస్టు కాని చిన్న కంపెనీలు ఎక్కువగా పాత లెక్కల పద్ధతిలోనే ఉన్నాయి. కాబట్టి లిస్టెడ్ కంపెనీ రెట్లను తెచ్చి వాటికి వేసేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి.

రెండోది అనుబంధ సంస్థల్లో బయటివాళ్ల వాటా. అనుబంధ సంస్థలో మాతృసంస్థకు 70 శాతమే ఉన్నా, ఏకీకృత లెక్కల్లో దాని ఎబిటా నూటికి నూరూ కనిపిస్తుంది. రెట్లు వేసి, అప్పు తీసి, నగదు కలిపాక ఆ 30 శాతం బయటివాళ్ల వాటా విలువ కూడా తీసెయ్యాలి. సగం వాటా ఉన్న ఉమ్మడి సంస్థలు దీనికి తిరగేసిన వ్యవహారం. వాటి ఎబిటా సాధారణంగా ఏకీకృత ఎబిటాలో కలవదు, కాబట్టి మన వాటా విలువను చివర్లో కలపాలి. గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఎయిర్ ఇండియా సాట్స్‌లో టాటాలకు దక్కింది అలాంటి 50 శాతం వాటాయే.

తిరిగి మన మిర్చి కంపెనీ దగ్గరికి వస్తే, సంతకాల నాటికి 145 కోట్లన్నది అంచనా మాత్రమే. అసలు లెక్క కంపెనీ చేతులు మారే రోజు అప్పు, నగదు, వర్కింగ్ క్యాపిటల్ ఎంతున్నాయో చూసి తేలుస్తారు. సంతకానికీ ఆ రోజుకీ మధ్య కొన్ని వారాలో నెలలో ఉంటాయి. ఈ సందులోనే నగదును ఎక్కువ చేసి చూపించే ప్రయత్నాలు జరుగుతాయి. రైతులకు, ఏజెంట్లకు ఇవ్వాల్సినవి ఆపేస్తారు. డిస్కౌంటు ఇచ్చి మరీ కొనుగోలుదారులనుంచి ముందుగా వసూలు చేస్తారు. యంత్రాల మరమ్మతులు వాయిదా వేస్తారు. మొదటి రెండూ వర్కింగ్ క్యాపిటల్‌లో దొరికిపోతాయి. నగదు ఎంత పెరిగిందో చెల్లించాల్సిన బాకీలు అంత పెరిగి, రావాల్సినవి అంత తగ్గి, 45 కోట్ల సగటుకు దూరమవుతుంది కాబట్టి లాభం ఏమీ ఉండదు. మూడోదే ప్రమాదకరం. చేయని మరమ్మతు ఏ బ్యాలెన్స్ షీటులోనూ అప్పుగా కనిపించదు. అందుకే అనుభవమున్నవాళ్లు ఇంజినీరును వెంటబెట్టుకుని మిల్లు లోపలికి వెళతారు, మరమ్మతుల ఖర్చు గత మూడేళ్లలో నెలనెలా ఎలా ఉందో అడుగుతారు.

ఆ రోజు బ్యాంకు ఖాతా నిల్వ ఒక్కటే చూసినా సరిపోదు. రాసిచ్చిన చెక్కులు ఇంకా మారకపోయి ఉండవచ్చు, అవి నగదులోంచి తీసెయ్యాలి. జమ కావాల్సిన చెక్కులు బౌన్సయ్యే అవకాశమూ చూడాలి. కట్టని జీఎస్టీ, ఆదాయపు పన్ను బాకీలు అప్పు వైపు రాయాలి. పాత సంవత్సరాల పన్ను వివాదం నడుస్తుంటే దాన్ని వెంటనే తీసెయ్యరు, ఓడిపోతే అమ్మినవాళ్లే కట్టాలని హామీ రాయించుకుంటారు.

ఇవన్నీ ఒక్కరోజులో తేలవు. అందుకే ఆ రోజు అంచనా ప్రకారం డబ్బు చెల్లించి, అందులో కొంత మొత్తం బ్యాంకు ఎస్క్రో ఖాతాలో ఆపి ఉంచుతారు. తర్వాత ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, సాధారణంగా రెండు మూడు నెలల్లో, కొన్నవాళ్లు లెక్కలు తయారుచేస్తారు. అమ్మినవాళ్లు వాటిని పరిశీలించి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. కుదరకపోతే ఇద్దరికీ సంబంధం లేని మరో ఆడిట్ సంస్థ తీర్పు చెబుతుంది. ఆ సంస్థ ముందు రెండు పక్షాలూ పరిచే కాగితం ఒకటే. అందులో అప్పు అంటే ఏమేమిటో, నగదు అంటే ఏమేమిటో, వర్కింగ్ క్యాపిటల్‌లోకి ఏ ఖాతాలు వస్తాయో పేరుపేరునా రాసి, పక్కన ఒక తేదీనాటి అంకెలతో నమూనా లెక్క వేసి ఉంటుంది. సంతకానికి ముందే ఆ నమూనా లెక్కను ఒప్పందానికి జతచేయించుకోని కుటుంబం, మల్టిపుల్ మీద గెలుచుకున్న కోట్లను ఇక్కడ పోగొట్టుకుంటుంది.